నూర, రోటిపొడి, నూరుచి: మా వదిన డబ్బా మీద ఏది మేలు?

బెంగళూరు మారతహళ్ళిలో మా వదిన కందిపొడి, కరివేపాకు పొడి చేసి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకు అమ్ముతుంది. డబ్బాకు పేరు కావాలంది. "అమ్మమ్మ గారి అని మొదలయ్యేవి మాత్రం తేకు, అలాంటివి వీధికి నాలుగున్నాయి" అని షరతు కూడా పెట్టింది. చివరికి మూడు మిగిలాయి.

రోటిపొడి అచ్చమైన సమాసం. రోట్లో దంచిన పొడి అని తెలుగువాళ్ళకు ఇట్టే తెలుస్తుంది. చిక్కల్లా బెంగళూరే. కింది ఫ్లాట్‌లోని కన్నడావిడ విని, "రొట్టెలోకా?" అంది. ట్రేడ్‌మార్క్ దగ్గరా ఇబ్బందే. సరుకేమిటో చెప్పి ఊరుకునే మాటను ఒక్కరి సొత్తుగా నమోదు చెయ్యడానికి 1999 నాటి చట్టంలోని 9వ సెక్షన్ అడ్డుపడుతుంది.

నూర అలా కాదు. 'నూరు' అనే ధాతువు తోక కత్తిరిస్తే వచ్చింది. పొట్టిది, కొత్తగా ఉంది, నమోదుకూ సులువు. కానీ తోకతో పాటు నూరడం కూడా పోయింది. ఇది విన్నవాళ్ళకు అత్తరు సీసా గుర్తొస్తుంది, కారప్పొడి కాదు. ఆ అర్థాన్ని జనం నోట నిలబెట్టాలంటే ప్రకటనలకు డబ్బు పొయ్యాలి. వెస్టర్న్ ఇండియా వెజిటబుల్ ప్రొడక్ట్స్ ముక్కలతో పుట్టిన విప్రో ఈరోజు ఏ వివరణా లేకుండా చెల్లుతోందంటే, దాని వెనుక దశాబ్దాల వ్యాపారం ఉంది. మా వదిన వెనుక ఒక మిక్సీ ఉంది.

నా ఓటు నూరుచికి. నూరు, రుచి మాటల మధ్య 'రు' ఉమ్మడిగా ఉంది కాబట్టి ఒకటి చాలు. పిన్, ఇంట్రెస్ట్ కలిసి పింటరెస్ట్ అయినప్పుడు 'ఇన్' ఇలాగే రెండు పనులు చేసింది. మామూలు సమాసంగా 'నూరురుచి' అంటే నాలుక తడబడుతుంది. ఉమ్మడి అక్షరం లేని అతుకైతే ఏదో ఒక మాట ఆనవాలు పోతుంది. ఇక్కడ రెండూ వినిపిస్తున్నాయి. పైగా నూరు అంటే మనకు లాగే తమిళంలోనూ కన్నడలోనూ వంద, రుచి అక్కడా రుచే. మనకు నూరిన రుచి, వంద రుచులు కూడా; వాళ్ళకు వంద రుచులు.

దీనికీ ఒక గండం ఉంది, అది ఇంగ్లీషు అక్షరాల్లో. Noruchi అని రాస్తే "నో రుచి" అని చదువుతారు! Nuruchi అంటే దీర్ఘం పోతుంది. Nooruchi ఒక్కటే నిలిచింది. దాన్ని కూడా ఫోన్లో చెప్పి, విన్నవాళ్ళ చేత రాయించి చూశాం. ఐదుగురిలో ఇద్దరు New Ruchi అని రాశారు. అందుకే లేబుల్ మీద కన్నడ లిపిలో పెద్దగా, ఇంగ్లీషులో చిన్నగా వేయిస్తున్నాం. కన్నడలో దీర్ఘం జారిపోదు.

ఇంకా అచ్చుకివ్వలేదు. ట్రేడ్‌మార్క్ నమోదులో పొడులు వచ్చే 30వ తరగతిలో ఇలాగే వినిపించే పేర్లు ఏమేం ఉన్నాయో వెతుకుతున్నాం. రుచితో ముగిసేవి చాలానే తగులుతున్నాయి.