బయాలజీ సెమినార్: గుర్తున్నది చెప్పే ప్రశ్న, ఆలోచించి చెప్పే ప్రశ్న

తిరుపతిలో డిగ్రీ ఫస్టియర్ సెమినార్‌కి ద్రవాభిసరణం టాపిక్ వచ్చిందనుకోండి. “ద్రవాభిసరణం అంటే ఏమిటి?” అన్నది జ్ఞాపకానికి పరీక్ష. పాక్షిక పారగమ్య త్వచం, నీరు ఎటు నుంచి ఎటు పోతుంది అన్న రెండు మాటలు తప్పకుండా చెబితే చాలు. దీనికి నోట్స్ మూసి రాసి చూసుకోవడమే సాధన.

“స్వేదనజలంలో ఎర్ర రక్తకణం పగిలిపోతుంది, ఉల్లిపొర కణం పగలదు. ఎందుకు?” అన్నది విశ్లేషణ. చాలామంది ఇక్కడా నిర్వచనమే అప్పజెబుతారు. నీరు రెండింటిలోకీ వెళ్తుంది కాబట్టి ఆ జవాబు తేడాను చెప్పదు. ఉల్లి కణానికి కణకవచం ఉంది. లోపలి పీడనం పెరిగేకొద్దీ అది ఎదురు నొక్కుతుంది, నికరంగా నీరు చేరడం ఆగిపోతుంది. రక్తకణానికి ఉన్నది పలచని త్వచమే.

ఇలాంటి ప్రశ్నలు తయారు చేసుకోవాలంటే ఒక్క పరిస్థితి మార్చండి. ఉల్లిపొరను 10% ఉప్పునీటిలో వేస్తే త్వచం కవచాన్ని వదిలి ముడుచుకుంటుంది. మధ్య ఖాళీలో ఏముంటుంది? గాలి అనేస్తారు. ఉండేది ఉప్పునీరు, కవచం దాన్ని ఆపలేదు మరి! అయితే కవచం, త్వచం తేడా నోటికి రాకుండా ఇక్కడిదాకా రాలేరు.