అమావాస్య పోటు, అష్టమి పోటు: తేడా ఎందుకు?

చంద్రుడి ఆకర్షణ భూకేంద్రం మీదకంటే తనకు ఎదురుగా ఉన్న నీటి మీద ఎక్కువగానూ, అవతలి వైపు నీటి మీద తక్కువగానూ ఉంటుంది. ఈ తేడా వల్లనే నీరు రెండు వైపులా ఉబ్బి, చాలా తీరాల్లో దాదాపు 12 గంటల 25 నిమిషాలకొకసారి పోటు వస్తుంది. అవతలి ఉబ్బుకు భూభ్రమణమే కారణమని చెప్పడం పొరపాటు.

సూర్యుడు కూడా ఇలాంటి జంట ఉబ్బునే లేపుతాడు, కాని దాని బలం చంద్రుడి దానిలో సుమారు 46 శాతమే. చంద్రుడి వల్ల నీటిమట్టంలో వచ్చే తేడా 100 సెంటీమీటర్లనుకుంటే, అమావాస్యకు రెండూ కలిసి 146 అవుతుంది. ఉబ్బులు జంటగా ఉండటం వల్లనే పౌర్ణమికీ అంతే. అష్టమి ప్రాంతంలో మాత్రం సూర్యుడి ఉబ్బు చంద్రుడి ఆటు మీద పడి, 54 మాత్రమే మిగులుతుంది. నిజమైన సముద్రంలో ఈ మార్పు తరచుగా ఒకటి రెండు రోజులు ఆలస్యంగా కనిపిస్తుంది.