టైమ్ జోన్ మ్యాప్: రంగు పట్టీలు లెక్కపెట్టడం మేలా, అంకె చదవడం మేలా?

టైమ్ జోన్ మ్యాప్ కొత్తగా చూసేవాళ్ళు దాన్ని రెండు రకాలుగా చదువుతారు. కొందరు మన ఊరి నుంచి అవతలి ఊరి దాకా ఎన్ని రంగు పట్టీలున్నాయో లెక్కపెట్టి, అన్ని గంటల తేడా అనుకుంటారు. కొందరు రెండు ఊళ్ళకూ ఉన్న ప్లస్, మైనస్ అంకెలు చూసి లెక్క కడతారు. హైదరాబాద్ నుంచి అమెరికాలోని డల్లాస్‌కు ఫోన్ చేయాలనుకుని రెండు పద్ధతులనూ పరీక్షిద్దాం.

ముందు పట్టీల సంగతి. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే గంటకు 15 డిగ్రీలు. అందుకే మ్యాప్ మీద 15 డిగ్రీల వెడల్పున నిలువు పట్టీలు కనిపిస్తాయి. సముద్రం మీద వాటి అంచులు నిటారుగా ఉంటాయి. నేల మీదికి రాగానే దేశాల, రాష్ట్రాల సరిహద్దుల వెంట మెలికలు తిరుగుతాయి.

మ్యాప్ పై అంచున హైదరాబాద్‌కు నేరుగా ఉండేది +5 పట్టీ, డల్లాస్‌కు నేరుగా ఉండేది −6 పట్టీ. ఎడమవైపు లెక్కపెట్టుకుంటూ పోతే 11 అడుగులు. సంక్రాంతి రోజున, జనవరి 14 ఉదయం 7 గంటలకు, డల్లాస్‌లో ముందురోజు రాత్రి 8 అని తేలుతుంది. ఇది అరగంట తప్పు. మన సమయానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం, కాకినాడకు దగ్గరగా వెళ్ళే గీత. 82.5ని 15తో భాగిస్తే ఐదున్నర వస్తుంది. ఆ అర పట్టీల లెక్కలో దొరకదు. నేపాల్‌ది మరీ చిత్రం, +5:45.

ఇప్పుడు అంకెలతో చూద్దాం. భారత్ మీద +5:30 అని ఉంటుంది. ప్రపంచమంతా ఆధారంగా తీసుకునే యూటీసీ సమయం కంటే మనం అంత ముందున్నామని అర్థం. ఉదయం 7:00 లోంచి 5:30 తీసేస్తే యూటీసీ 1:30. డల్లాస్‌ది −6 కాబట్టి అందులోంచి ఇంకో 6 గంటలు వెనక్కి వెళ్ళాలి. అర్ధరాత్రి దాటి వెనక్కి పోయాం కనుక తేదీ ఒకటి తగ్గి, జనవరి 13 రాత్రి 7:30 అవుతుంది. ఎప్పుడు లెక్క కట్టినా ముందు యూటీసీకి, అక్కణ్ణుంచి అవతలి ఊరికి వెళ్ళండి. అప్పుడు తేదీ దానంతటదే సరిగ్గా వస్తుంది. పట్టీలు లెక్కపెట్టేవాళ్ళు పసిఫిక్ వైపు నుంచి వెళ్తే మధ్యలో తేదీ రేఖ దాటి రోజు తప్పుతారు.

అలాగని రంగును పక్కన పెట్టలేం. ఏ అంకె చదవాలో చెప్పేది రంగే. చైనా పడమటి కొసకు నేరుగా పై అంచున +5 అని ఉంటుంది, కానీ దేశమంతా ఒకే రంగు, దాని అంకె +8. అంచున ఉన్న అంకెను నమ్మితే మూడు గంటలు తప్పుతాం. టెక్సస్‌లో దీనికి పూర్తిగా వ్యతిరేకం: డల్లాస్ −6, అదే రాష్ట్రం పడమటి మూలనున్న ఎల్ పాసో −7. రాష్ట్రం పేరు చూసి ఆగిపోతే దొరకదు, రంగు ఎక్కడ మారిందో చూస్తేనే తెలుస్తుంది. చాలా మ్యాపుల్లో నాలుగైదు రంగులే మళ్ళీమళ్ళీ వస్తాయి. కాబట్టి దూరంగా ఉన్న రెండు చోట్ల ఒకే రంగు కనబడితే ఒకే సమయం అనుకోకండి.

మా ఓటు అంకెకే. రంగుతో ఊరి జోన్ పట్టుకుని, గంటలు మాత్రం ఆ రంగు మీదున్న అంకెతో లెక్కకట్టాలి. మొదలుపెట్టే ముందు భారత్ మీద ప్లస్ ఉందో మైనస్ ఉందో ఒక్కసారి చూడండి. నావికుల పద్ధతిలో గుర్తులు తిరగబడి, తూర్పుకు మైనస్ ఉంటుంది. స్థానిక సమయానికి ఎంత కలిపితే గ్రీనిచ్ సమయం, అంటే యూటీసీ, వస్తుందో ఆ అంకె చెబుతుంది. కంప్యూటర్లలో కనిపించే `Etc/GMT+6` కూడా ఈ తిరగబడిన బాపతే, దాని అసలు అర్థం −6.

అంకెకూ ఒక లోపం ఉంది. అచ్చు మ్యాపులో మామూలుగా వేసేది ప్రామాణిక సమయం. డల్లాస్ గడియారాలు మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరిగి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి వస్తాయి. ఆ నెలల్లో −6 బదులు −5 వాడాలి. జులైలో మన ఉదయం 7 గంటలకు అక్కడ ముందురోజు రాత్రి 8:30. భారత్‌లో గడియారం మార్చే పద్ధతి లేదు కాబట్టి మారేది అవతలి అంకె ఒక్కటే. ప్రతి వారం జరిగే కాల్‌ను కంప్యూటర్‌లో పెట్టుకునేటప్పుడు −6 ఎంచుకోకుండా `America/Chicago` ఎంచుకోండి. డల్లాస్ ఆ జోన్ కిందికే వస్తుంది, మార్చి, నవంబరు మార్పులను అదే చూసుకుంటుంది.