Output Preview: ఏళ్ల వాడకం తర్వాత, బంగారు పట్టీ మీద తెల్ల చదరం గురించి

హైదరాబాద్‌లో ఛత్తా బజార్ వైపు శుభలేఖలు అచ్చువేయించే వాళ్లకు నేను ఫైళ్లు సరిచూసి ప్లేటుకు పంపుతాను. అక్రోబాట్ ప్రో కోసం ఏటా చందా కడుతున్నది దాదాపుగా ఒక్క కిటికీ కోసమే: Output Preview, అంటే అచ్చులో ఏ సిరా ఎక్కడ పడుతుందో ముందే తెర మీద చూపేది. మిగతా పనులకు ఉచితంగా దొరికే సాధనాలు చాలు. ఈ కిటికీ ఎంతవరకు నమ్మదగింది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నది ఒక్క శుభలేఖతో చెబుతాను.

కార్డు పైభాగమంతా బంగారు పట్టీ. రంగు PANTONE 871 C, అంటే సీఎంవైకే అనే నాలుగు రంగుల్లో కలిపేది కాదు, విడిగా డబ్బాలోంచి పోసే లోహపు సిరా. అచ్చులో ఒక్కో సిరాకు ఒక్కో ప్లేటు కాబట్టి దానికి ఐదో ప్లేటు ఉంటుంది. పట్టీ మీద కుంకుమ రంగు కలశం, దాని వెనక మెత్తటి నల్లని నీడ. డిజైనర్ దాన్ని PDF/X-1a:2001 అనే, అచ్చు కోసం ఉద్దేశించిన పీడీఎఫ్ రకంగా ఎగుమతి చేసి పంపాడు. పెళ్లివారు అదే ఫైలును ఫోనులో తెరిచి, కలశం చుట్టూ తెల్లని చదరం కనిపిస్తోందని, పట్టీ చిరిగిపోయినట్టుందని గొడవ పెట్టారు. నా తెర మీద మాత్రం నీడ బంగారంలో చక్కగా కలిసిపోయి ఉంది.

ఇద్దరిదీ నిజమే. X-1aలో పారదర్శకతకు చోటు లేదు. అందుకే ఎగుమతి సమయంలో నీడను ఫ్లాటెన్ చేస్తారు, అంటే పొరలన్నీ నొక్కి ఒకే మట్టానికి తెస్తారు. బంగారాన్ని విడి సిరాగా ఉంచాలి కాబట్టి ఫ్లాటెనర్ కింద నిండు బంగారు పట్టీని అలాగే వదిలి, నీడను ఒక దీర్ఘచతురస్రపు సీఎంవైకే బొమ్మగా చేసి, కింది సిరాను కోయకుండా దాని మీదే అచ్చువేయమని చెప్పే ఓవర్‌ప్రింట్ గుర్తు దానికి పెట్టింది. గుర్తును లెక్కచేసే సాఫ్ట్‌వేర్ బంగారాన్ని ఉంచి పైన నలుపు వేస్తుంది. చాలా ఫోన్ వ్యూయర్లు దాన్ని లెక్కచేయవు. ఆ బొమ్మ పరిచిన మేర కింది బంగారాన్ని కోసేసి, నీడ లేని చోట తెలుపు చూపిస్తాయి.

ఇక్కడే Output Preview తన డబ్బు తాను సంపాదించుకుంటుంది. ప్లేట్ల జాబితాలో నాలుగు రంగుల ప్లేట్లకు ఉండే Process Plates టిక్ తీసేస్తే తెర మీద బంగారం ఒక్కటే మిగులుతుంది. కలశం ఉన్న చోట కలశం ఆకారపు ఖాళీ ఉండాలి, దాని చుట్టూ పట్టీ అతుకు లేకుండా సాగాలి. ఈ ఫైలులో అలాగే ఉంది. బంగారంలో చదరపు కన్నం కనబడితే మాత్రం ప్లేటుకు పంపకూడదు. ఆ తర్వాత టిక్ తిరిగి పెట్టి, నీడ మీద మౌస్ ఉంచి అంకెలు చూస్తాను. బంగారం 100 శాతం, నలుపు ముప్ఫై చిల్లర ఉంటే రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టే. Object Inspector ఎంచుకుని అక్కడే నొక్కితే అది బొమ్మ అనీ, దాని రంగు పద్ధతి ఏమిటనీ, ఓవర్‌ప్రింట్ ఉందా లేదా అనీ వరసగా చెబుతుంది. ఆ పట్టికను తెర మీద చూపించాకే పెళ్లికొడుకు తండ్రి కాస్త శాంతించారు.

ఇంతవరకు మెచ్చుకోలు. అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఐదో రంగుకు ఖర్చెక్కువని, నాలుగు రంగుల్లోనే కానిచ్చేయమని పెళ్లివారు చెప్పారు. బంగారాన్ని సీఎంవైకేకి మార్చాలి. అదే ఫ్లాటెన్ అయిన ఫైలు మీద ప్రెస్సులో ఎవరో Convert Colors నడిపి ప్రూఫు తీశారు. ఈసారి తెల్ల చదరం కాగితం మీదే వచ్చింది.

కారణం పీడీఎఫ్ నియమాల్లోనే ఉంది. ఓవర్‌ప్రింట్ అయ్యే వస్తువు తనలో లేని సిరాలను ముట్టుకోదు. బంగారం విడి సిరాగా ఉన్నంతకాలం సీఎంవైకే నీడకు దానితో పనిలేదు కాబట్టి పట్టీ క్షేమం. బంగారం కాస్తా పసుపు, మెజెంటా, కొంత నలుపుగా మారాక రెండు వస్తువులూ ఒకే నాలుగు సిరాల్లో ఉన్నట్టయింది. అప్పుడు నీడ బొమ్మలోని "పసుపు 0" అన్నది "ఇక్కడ పసుపు వేయవద్దు" అన్న ఆజ్ఞ అవుతుంది. సున్నాను పట్టించుకోకుండా కింది రంగును కాపాడే పద్ధతి ఒకటి ఉంది. ఫైలు లోపల అది ఇలా కనిపిస్తుంది:

```
/OP true /op true /OPM 1
```

కానీ ఆ OPM 1 రక్షణ అక్షరాలకు, గీతలకు, నిండు రంగు ఆకారాలకే వర్తిస్తుంది. బొమ్మలకు వర్తించదు. మన నీడ ఒక బొమ్మే. అందుకే పట్టీ కోతకు గురైంది. ఫైలును ప్లేటుకు ఎక్కే చుక్కలుగా మార్చే ప్రెస్సు సాఫ్ట్‌వేర్‌ను రిప్ అంటారు. ముందే రంగు మార్చి ఆ తర్వాత వస్తువులను పేర్చే రిప్‌లోనూ ఇదే జరుగుతుంది. ముందు పేర్చి చివర్లో మార్చే రిప్‌లో జరగదు. ఒకే ఫైలు ఒక ప్రెస్సులో బాగా వచ్చి, పక్క ప్రెస్సులో చెడిపోవడానికి ఇది ఒక కారణం.

నా ఫిర్యాదు ఇదే. ఈ కిటికీ తన సొంత లెక్క ప్రకారం చూపిస్తుంది. ప్రెస్సులోని రిప్ ఓవర్‌ప్రింట్ గుర్తును పాటిస్తుందా, స్పాట్ రంగును, అంటే విడి సిరాను, ఏ దశలో మారుస్తుందో అన్నది దానికి తెలిసే దారి లేదు. తెర మీద నిక్షేపంగా ఉందంటే ఫైలు నియమబద్ధంగా ఉందని మాత్రమే అర్థం. లోహపు మెరుపు కూడా తెర మీద ఉండదు, 871 ఆవపిండి రంగులో కనిపిస్తుంది. దాన్ని చూసి కస్టమర్‌తో రంగు ఒప్పించుకోవడం వృథా ప్రయాస.

ఆ శుభలేఖకు మందు ఫ్లాటెన్ అయిన ఫైలులో లేదు. డిజైనర్‌తో ఇన్‌డిజైన్ మూలం తెరిపించి, ఎగుమతిలోని Ink Manager దగ్గర స్పాట్ రంగులన్నీ ప్రాసెస్‌కు మార్చమని పెట్టించి, PDF/X-4గా తెప్పించాను. X-4లో పారదర్శకత కరగకుండా ఉంటుంది, పొరలు నొక్కే పని రిప్ చేస్తుంది. నీడ కింద పసుపు, మెజెంటా నిలిచాయి. చదరం పోయింది. పాత రిప్‌లున్న కొన్ని ప్రెస్సులు ఇప్పటికీ X-1aనే అడుగుతాయి. వాటికైతే రంగు మార్చడం ముందు, ఫ్లాటెన్ చేయడం తర్వాత జరిగేలా చూసుకోవాలి. ఈ వరస తలకిందులైతే పని చెడుతుంది.

తెల్ల అక్షరాల సంగతి కూడా ఇక్కడే. నల్ల అక్షరాలకు ఓవర్‌ప్రింట్ పెట్టి, తర్వాత వాటినే తెలుపుకు మారిస్తే ఆ గుర్తు మిగిలిపోవచ్చు. తెలుపుకు సిరా లేదు కాబట్టి అచ్చులో ముహూర్తం వాక్యమే మాయమవుతుంది. Simulate Overprinting టిక్ ఒకసారి పెట్టి, ఒకసారి తీసి చూస్తే అక్షరాలు కనిపిస్తూ మాయమవుతూ ఉంటాయి, వెంటనే దొరికిపోతుంది.

కిటికీ తెరవని వేళ అక్రోబాట్ ఓవర్‌ప్రింట్‌ను మామూలుగా PDF/X ఫైళ్లకే చూపిస్తుంది. మామూలు పీడీఎఫ్ వస్తే అదే అక్రోబాట్ వేరే బొమ్మ చూపిస్తుంది. నాకు ఇది బొత్తిగా నచ్చని ఏర్పాటు. Preferencesలో Page Display కింద Use Overprint Preview అన్నచోట Always పెట్టుకోవాలి. ఉచిత రీడర్‌లోనూ ఆ అమరిక ఉంది. అందుకే ఇప్పుడు కస్టమర్లకు ప్రూఫు పంపేటప్పుడు, ఫోనులో కాకుండా కంప్యూటర్‌లో రీడర్ తెరిచి ఆ అమరిక మార్చి చూడమని ఒక ముక్క రాసి పెడుతున్నాను. అందరూ మార్చరు. మార్చని వాళ్లకు ప్లేట్లు విడదీసిన చిత్రాలను జేపెగ్‌గా పంపేస్తాను.