కెమెరా రికార్డర్ టైము వెనకబడుతోందా? బోర్డు మార్పించే ముందు ఇది చదవండి

చీమకుర్తి, ఒంగోలు ప్రాంతాల్లో కాటాలకు, గ్రానైట్ యూనిట్లకు, గోదాములకు నిఘా కెమెరాలు పెట్టించుకున్నవారికి, పెట్టించుకోబోయేవారికి ఈ హెచ్చరిక. కెమెరాలు, రికార్డర్, రూటర్ అన్నీ కలిపి ప్యాకేజీగా అమ్మే ఒక దుకాణం దగ్గర మేము కొన్నాం. కొన్ని నెలలకు రికార్డర్‌లో టైము తప్పింది. ఫిర్యాదు చేస్తే వచ్చిన సమాధానం ఒక్కటే: "బోర్డులో గడియారం చిప్ పోయింది, బోర్డు మార్చాలి, 4,500 రూపాయలు." చిప్ పోలేదు. వాళ్లు బిగించిన రూటరే టైము సర్వర్‌కు దారి మూసేసింది. మా పక్కనున్న పాలిషింగ్ యూనిట్ వాళ్లు ఆ డబ్బు కట్టి బోర్డు మార్పించుకున్నారు. వాళ్ల గడియారం మళ్లీ వెనకబడుతోంది.

మాది లారీల కాటా. గ్రానైట్ బ్లాకు తూకం చీటీ మీద టైము కంప్యూటర్ నుంచి పడుతుంది, వీడియో మీద టైము రికార్డర్ నుంచి పడుతుంది. రికార్డర్ నాలుగు నిమిషాలు వెనక ఉంది. చీటీలో 4:12 అని ఉంటే, వీడియోలో 4:12 దగ్గర కాటా ఖాళీగా కనిపిస్తుంది. లారీ 4:08 దగ్గర ఉంటుంది. తూకం మీద తగాదా వచ్చినప్పుడు డ్రైవర్ ఆ ఖాళీ కాటానే చూపించి, చీటీ దొంగదని వాదించాడు. సాక్ష్యం కోసం పెట్టించుకున్న కెమెరాయే ఎదురు సాక్ష్యం చెప్పింది.

నిజంగా చిప్ గానీ దాని బ్యాటరీ గానీ పోతే లక్షణం వేరుగా ఉంటుంది. రికార్డర్ ప్లగ్గు తీసి, గంట తర్వాత ఇంటర్నెట్ కేబుల్ లేకుండా ఆన్ చేయండి. తేదీ ఎక్కడో 1970కో 2000కో వెళ్లిపోతే బ్యాటరీ పోయినట్టు. తేదీ సరిగానే ఉండి ఆ నాలుగు నిమిషాల తేడా అలాగే ఉంటే, గడియారం తన పని తాను చేస్తోంది, దాన్ని సరిదిద్దేవాళ్లే లేరని అర్థం. ఈ పెట్టెల్లో ఉండే క్వార్ట్జ్ గడియారం రోజుకు రెండు మూడు సెకన్లు తప్పడం మామూలే. దాన్ని దాదాపు 25 డిగ్రీల దగ్గర సరిగా నడిచేలా తయారుచేస్తారు. అంతకన్నా వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తుంది. మన రేకుల షెడ్డులో ఎండాకాలం సంగతి చెప్పనక్కరలేదు. రోజుకు మూడు సెకన్ల చొప్పున వెనకబడితే ఎనభై రోజుల్లో నాలుగు నిమిషాలు. కొత్త బోర్డులో ఉండేదీ అలాంటి క్వార్ట్జే. పొరుగువారి 4,500 అలా గాలికి పోయింది.

ఇంకో తేడా కూడా ముందే తీసేసుకోండి. టైము సరిగ్గా ఐదున్నర గంటలు తప్పితే అది సర్వర్ సమస్య కాదు. సర్వర్లు ప్రపంచ ప్రామాణిక సమయాన్నే పంపుతాయి, ఐదున్నర గంటలు కలుపుకోవడం మన పెట్టె పని. టైమ్ జోన్ మారిస్తే సరిపోతుంది.

గడియారాన్ని సరిదిద్దే పద్ధతి పేరు ఎన్‌టీపీ. రికార్డర్ ఇంటర్నెట్‌లోని టైము సర్వర్‌కు 48 బైట్ల చిన్న ప్రశ్న పంపుతుంది, అటునుంచి అంతే చిన్న జవాబు వస్తుంది. రెండూ యూడీపీ పద్ధతిలో, సర్వర్ వైపు 123 నంబరు పోర్టు ద్వారా నడుస్తాయి. మా రికార్డర్‌లో టైము సెట్టింగ్ తెరిచి టెస్ట్ నొక్కితే, కాసేపు తిరిగి సర్వర్ నుంచి జవాబు లేదని చూపించేది.

దుకాణం కుర్రాడు వచ్చి తన ల్యాప్‌టాప్‌లో అదే సర్వర్‌కు పింగ్ కొట్టి చూపించాడు. జవాబులు చకచకా వచ్చాయి. "చూడండి సార్, సర్వర్ బాగానే ఉంది, నెట్ బాగానే ఉంది, మీ పెట్టే పోయింది" అన్నాడు. ఈ రుజువును అస్సలు నమ్మకండి. పింగ్ వెళ్లేది ఐసీఎంపీ అనే వేరే పద్ధతిలో. అది 123 పోర్టును తాకనే తాకదు. టెల్‌నెట్‌తో 123కు కలిపి చూస్తామన్నా అంతే, అది టీసీపీ. యూడీపీని యూడీపీతోనే పరీక్షించాలి. విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే చాలు. రికార్డర్‌కు వెళ్లే కేబుల్ పీకి ల్యాప్‌టాప్‌కు పెట్టి, కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టండి:

```
w32tm /stripchart /computer:samay1.nic.in /samples:5 /dataonly
```

దారి బాగుంటే ప్రతి వరుసలో మీ గడియారానికీ సర్వర్‌కూ ఉన్న తేడా సెకన్లలో కనిపిస్తుంది. మాకు వరుసంతా `error: 0x800705B4` వచ్చింది. గడువులోగా జవాబు రాలేదని దాని అర్థం. అదే ల్యాప్‌టాప్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి అదే కమాండ్ కొడితే తేడాలు వచ్చాయి. అంటే సర్వర్ బతికే ఉంది, మా ఇంటర్నెట్ దారిలోనే ఎక్కడో అడ్డు ఉంది. ఇక తేలాల్సింది ఆ అడ్డు రూటర్‌లోనా, ఇంటర్నెట్ కంపెనీ లైన్‌లోనా అన్నది. రూటర్‌ను పక్కనపెట్టి, ఫైబర్ లైన్ వచ్చే పెట్టెకు ల్యాప్‌టాప్‌ను నేరుగా కలిపాం. జవాబులు వచ్చాయి. దొంగ దొరికాడు.

రూటర్ సెట్టింగుల్లోకి వెళ్దామంటే పాస్‌వర్డ్ దుకాణం వాళ్ల దగ్గరే ఉంది. డబ్బు పెట్టి కొన్న వస్తువు తాళం అమ్మినవాడి జేబులో ఉండటం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. గట్టిగా అడిగితే ఇచ్చారు. లోపల చూస్తే ఫైర్‌వాల్‌ను అన్నిటికన్నా కఠినమైన స్థాయిలో పెట్టారు. ఆ రూటర్‌లో ఆ స్థాయి పెడితే, లోపలి నుంచి బయటికి వెళ్లే యూడీపీలో పేర్లు వెతికే 53 పోర్టుకు తప్ప దేనికీ అనుమతి లేదు. అందుకే సర్వర్ పేరు దొరికేది, వెబ్‌సైట్లు తెరుచుకునేవి, టైము మాత్రం వచ్చేది కాదు.

ఈ లోపల వాళ్లు చేసిన ఇంకో మరమ్మతు గురించి చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే మోసపోతారు. "ఒక సర్వర్ పలకకపోతే ఇంకోటి పలుకుతుంది" అంటూ రికార్డర్‌లో ప్రత్యామ్నాయ సర్వర్లుగా మరో మూడు పేర్లు ఎక్కించి, దానికి సర్వీసు చార్జీ రాశారు. నాలుగు ఊళ్లకు టికెట్లు కొని పెట్టుకున్నా, బస్టాండు గేటే మూసి ఉంటే ఏ బస్సూ కదలదు. ఆ నాలుగు సర్వర్లకూ వెళ్లేది అదే 123 పోర్టు ద్వారానే. పైన ఇచ్చిన కమాండ్‌లో పేరు మారుస్తూ పరీక్షిస్తే విషయం తేలిపోతుంది: ఒక పేరు పలకక మిగతావి పలికితే తప్పు ఆ సర్వర్‌ది, అప్పుడు ప్రత్యామ్నాయం పనికొస్తుంది. అన్నీ మౌనంగా ఉంటే దారి మూసుకుంది, ఇంకో పది పేర్లు ఎక్కించినా లాభం లేదు.

పాస్‌వర్డ్ ఇచ్చాక వాళ్లు చెప్పిన పరిష్కారం ఇంకా ప్రమాదకరం. బయటి నుంచి వచ్చే 123 పోర్టును రికార్డర్‌కు ఫార్వర్డ్ చేస్తామన్నారు. ఒప్పుకోకండి. మనం ప్రశ్న పంపితే దానికి వచ్చే జవాబును రూటర్ తనంతట తానే గుర్తుపట్టి లోపలికి వదులుతుంది. కావలసింది బయటికి వెళ్లే యూడీపీ 123కు ఒక్క అనుమతి, అంతే. బయటివాళ్లకు ఆ పోర్టు తెరిచిపెడితే, మన పెట్టెలో పాత ఎన్‌టీపీ సర్వర్ గనక నడుస్తుంటే, చిన్న ప్రశ్నకు భారీ జవాబును మూడోవాడి మీదికి మళ్లించే దాడులకు అది పనిముట్టు అవుతుంది. 2013 చివర, 2014 మొదట్లో అలాంటి దాడులు పెద్దయెత్తున జరిగాయి. కొన్ని ఇంటర్నెట్ కంపెనీలు 123 మీద ఆంక్షలు పెట్టడానికి కారణం అదే. మీకు గనక ఫైబర్ పెట్టెకు నేరుగా కలిపినా జవాబు రాకపోతే అడ్డు కంపెనీ లైన్‌లో ఉన్నట్టు. "టైము రావడం లేదు" అని చెబితే వాళ్లకు తలకెక్కదు. "బయటికి వెళ్లే యూడీపీ 123కు జవాబు రావడం లేదు, ఫోన్ హాట్‌స్పాట్ మీద వస్తోంది" అని ఫిర్యాదు రాయించండి.

రూటర్‌లో ఆ ఒక్క అనుమతి ఇచ్చాక రికార్డర్ మొదటి టెస్ట్‌లోనే టైము అందుకుంది. ఒక్కసారిగా నాలుగు నిమిషాలు ముందుకు దూకింది కాబట్టి ఆ రోజు వీడియోలో నాలుగు నిమిషాలు లేనట్టు కనిపిస్తుంది. ఎవరైనా కత్తిరించారని అనకుండా, సరిదిద్దిన తేదీ, తేడా పుస్తకంలో రాసి సంతకం పెట్టించాం.

తర్వాత ఇంకో అడుగు వేశాం. రికార్డర్, కాటా కంప్యూటర్ వేర్వేరుగా బయటికి వెళ్లి టైము తెచ్చుకునే బదులు, మూలన పడున్న పాత కంప్యూటర్‌లో లినక్స్ పెట్టి, క్రోనీ అనే ప్రోగ్రామ్‌తో దాన్నే మా టైము సర్వర్ చేశాం. సెట్టింగ్ ఫైలులో ఉన్నది ఇంతే:

```
server samay1.nic.in iburst
server samay2.nic.in iburst
server time.nplindia.org iburst
pool in.pool.ntp.org iburst
allow 192.168.1.0/24
local stratum 10
```

మొదటి రెండూ కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్ఐసీ సర్వర్లు, మూడోది భారత ప్రామాణిక సమయాన్ని నిర్వహించే నేషనల్ ఫిజికల్ లేబొరేటరీది. ప్రత్యామ్నాయాలకు విలువ వచ్చేది ఇక్కడే: రెండే సర్వర్లు ఉండి చెరో టైము చెబితే ఎవరిది నిజమో తేలదు, అందుకే కనీసం మూడు నాలుగు ఉండాలి. గూగుల్ టైము సర్వర్‌ను వీటితో కలపకండి, ప్రపంచ సమయానికి అప్పుడప్పుడు అదనంగా కలిపే లీప్ సెకను వచ్చినప్పుడు అది మిగతావాటికి భిన్నంగా నడుస్తుంది. చివరి వరుస వల్ల తుఫానుకు ఫైబర్ తెగిపోయినా ఈ కంప్యూటర్ లోపలివాళ్లకు టైము ఇస్తూనే ఉంటుంది. అప్పుడు అందరూ కలిసి కాస్త తప్పినా, చీటీకీ వీడియోకూ తేడా రాదు.

పని చేస్తోందో లేదో చూడాలంటే `chronyc sources` కొట్టి `Reach` అనే నిలువు వరుస చూడండి. 377 ఉంటే చివరి ఎనిమిది ప్రశ్నలకూ జవాబు వచ్చినట్టు. అన్నిటికీ 0 ఉంటే 123 మళ్లీ మూసుకుపోయినట్టు. రూటర్ రీసెట్ అయినా, దుకాణం వాళ్లు దూరం నుంచి సెట్టింగులు మార్చినా ఇలా జరగవచ్చు.

కొత్తగా కొనేవారు బిల్లు కట్టకముందే రూటర్, రికార్డర్ రెండింటి పాస్‌వర్డ్‌లు రాయించుకోండి. రికార్డర్‌లో టైము సర్వర్ టెస్ట్ మీ కళ్లముందే నొక్కించి, పాసైందని బిల్లు మీద రాయమనండి. సర్వర్ పేరును మనం మార్చుకునే వీలు లేని రికార్డర్ అయితే తీసుకోవద్దు. అది లోపలి టైము సర్వర్ దగ్గరికి రాలేదు. మాకు సర్వీసు చార్జీ వెనక్కి ఇచ్చారు. పొరుగువారి బోర్డు డబ్బు మాత్రం ఇంకా ఇవ్వలేదు, పాత బోర్డు కూడా దుకాణంలోనే ఉంది.