ఆరింట్లో అయిదు గెలిస్తే: మెత్తటి అంచనానా, గట్టి అంచనానా?

పర్లాకిమిడిలో ఐపీఎల్ రోజుల్లో మా బావతో నాకు ఏటా ఇదే వాదన. ఒక జట్టు మొదటి 6 మ్యాచుల్లో 5 గెలిచిందనుకుందాం. లెక్క ప్రకారం 83 శాతం. ఆ జట్టు అసలు బలం అంతేనా?

బేసియన్ పద్ధతిలో సీజన్‌కు ముందున్న నమ్మకాన్ని ఊహాత్మక మ్యాచులుగా రాసి, వచ్చిన ఫలితాలను వాటికి కలుపుతాం. బావ 2 గెలుపులు, 2 ఓటములతో మొదలుపెడతాడు, అది మెత్తటి అంచనా. పదింట్లో 7, అంటే 70 శాతం. నేను 10, 10తో మొదలుపెడతాను, అది గట్టి అంచనా. 26లో 15, దాదాపు 58 శాతం.

ఇంత తేడా ఉన్నప్పుడు ఎవరిని నమ్మాలి? పాత సీజన్ల పట్టికలే చెప్పాలి. జట్లన్నీ సమానమే అయినా, 14 మ్యాచుల తర్వాత అదృష్టం వల్లే గెలుపు శాతాల్లో సుమారు 13.4 పాయింట్ల ప్రామాణిక విచలనం, అంటే సగటు చుట్టూ చెదురు, వస్తుంది. పట్టికల్లో 17 కనిపించిందనుకోండి. అందులో అదృష్టం వాటాను వర్గాల్లో తీసేయాలి: 17 వర్గం 289లోంచి 13.4 వర్గం 179 పోతే 110, దాని వర్గమూలం పదిన్నర. బలాల అసలు తేడా అంతే. 10, 10 దాదాపు అదే విస్తృతిని ఇస్తుంది. 2, 2 ఇచ్చేది 22, అది మరీ వదులు.

అయితే ప్రధాన బౌలర్ గాయపడితే నా అంచనా ఆలస్యంగా కదులుతుంది, బావది త్వరగా కదులుతుంది. అప్పుడు పాత ఫలితాల బరువు తగ్గించి లెక్క వేస్తాను.