ఏడాదిన్నర వాడిన రెసిపీ కారొసెల్ టెంప్లేట్: బాగున్నదీ, మార్చుకున్నదీ

వంటల పోస్టులకి ఏడాదిన్నరగా ఒకే కారొసెల్ టెంప్లేట్ వాడుతున్నాను. మొదటి స్లయిడ్‌లో కావలసినవి, తర్వాత నాలుగైదు స్లయిడ్లలో తయారీ, చివర పూర్తయిన వంటకం ఫొటో. వరుస నాకు నచ్చింది. కానీ వచ్చింది వచ్చినట్టు వాడితే మాత్రం వండేవాళ్లకి కష్టం.

ఆ సంగతి అరటిపండు కేక్‌తో తెలిసింది. మా చెల్లి నా పోస్టు చూస్తూ చేసింది. పండిన అరటిపళ్లు 3, మైదా 200 గ్రాములు, పంచదార 120, వెన్న 100, గుడ్లు 2, వంటసోడా ఒక టీస్పూను: కొలతలన్నీ మొదటి స్లయిడ్‌లోనే ఉన్నాయి. మూడో స్లయిడ్‌లో "మైదా, సోడా కలిపి జల్లించండి" అని మాత్రమే రాశాను. తన చేతులకేమో అరటిపండు గుజ్జు. కొలత కావాలంటే చేయి కడుక్కుని స్లయిడ్లు వెనక్కి జరపాలి. రెండుమూడుసార్లు అలాగే చేసి, విసుగొచ్చి సోడా దగ్గర గుర్తున్నట్టు వేసేసింది. టీస్పూను బదులు టేబుల్‌స్పూను, అంటే మూడింతలు. కేక్ నల్లబడింది, నోట్లో పెట్టుకుంటే సబ్బు రుచి. తప్పు తనది కాదు, నేను స్లయిడ్లు రాసిన తీరుది.

అప్పటినుంచి ప్రతి స్లయిడ్‌లోనూ కొలత మళ్లీ రాస్తున్నాను: "మైదా 200 గ్రాములు, సోడా 1 టీస్పూను". టెంప్లేట్‌లో తయారీకి రెండు లైన్ల చోటే ఉంది కాబట్టి ఫొటో కొంచెం చిన్నది చేశాను. అక్షరాలు కూడా పెంచాల్సి వచ్చింది. డిజైన్ చేసేటప్పుడు పెద్ద తెర మీద చక్కగా కనిపించినవి, గట్టు మీద ఆనించిన ఫోన్‌లో నిలబడి చూస్తే కంటికి అందలేదు.

తయారీ ఫొటోల్లో చేతులు, గిన్నెలు అందంగా పడాలని మొదట్లో తాపత్రయపడేదాన్ని. ఇప్పుడు ఎక్కడ ఆపాలో అక్కడే తీస్తాను. ఈ కేక్‌కి అలాంటి చోటు ఒకటే: పొడి పిండి చారలు మాయమైన క్షణం. చిన్న ఉండలున్నా ఫర్వాలేదు, ఇంకా కలిపితే కేక్ గట్టిపడుతుంది. "బాగా కలపండి" అనే మాట దీన్ని చెప్పలేదు, ఫొటో చెబుతుంది.

చివరి స్లయిడ్‌లో కేక్ మొత్తం పెట్టకుండా కోసిన ముక్క పెడతాను. లోపల ఎలా ఉండాలో తెలియాలి కదా.

ఒక్క పరిమితికి మందు దొరకలేదు. పోస్టు పెట్టాక స్లయిడ్ మీది అంకె తప్పని తెలిసినా ఆ బొమ్మని మార్చలేను, కింద రాసిన మాటల్లో దిద్దుకోవడమే. అందుకే పెట్టేముందు స్లయిడ్లు ఫోన్‌లోకి తెచ్చుకుని, కావలసినవి స్లయిడ్ తెరవకుండా ఆ వంట ఒకసారి చేస్తాను. ఎక్కడ వెనక్కి జరపాలనిపిస్తుందో, అక్కడ కొలత రాయడం మర్చిపోయానన్నమాట.